నలభై ఎనిమిదికి తెరుచుకున్న తలుపు

ఆసుపత్రిలో అతన్ని అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. కెమెరాలూ, మొహం చూసి తెరిచే తలుపు మిషన్లూ బిగించే పని అతనిది. పద్దెనిమిదేళ్ళుగా ఒకే అల్యూమినియం నిచ్చెన భుజానేసుకుని అవే వరండాల్లో తిరుగుతున్నాడు కాబట్టి నిచ్చెన కనపడితే అతను వచ్చినట్టే. అమ్మా నాన్నా పెట్టిన పేరు గేటు పాసు మీద తప్ప ఎక్కడా బతికి లేదు. దాని గురించి బాధపడే వయసు దాటిపోయింది. ఇప్పుడతనికి బాధ కలగదు, కోపం వస్తుంది. అది కూడా పొద్దున పళ్ళు తోముకునే వేళకే వచ్చి కూర్చుంటుంది.

ఆ రోజు విచారణ పది గంటలకి అన్నారు. తొమ్మిదింపావుకే ఆసుపత్రి పెత్తనమంతా చూసే ఏవో గారు అతన్ని తన గదిలోకి పిలిచి తలుపు మూశారు.

"ఆ మందుల స్టోరు మిషన్లో నువ్వేమీ మార్చలేదు కదా?" అన్నారు, కాగితాల్లోంచి తలెత్తకుండా.

"మీరే కదండీ ఫోన్లో..."

"నేను అడిగింది అది కాదు. నిన్న కంపెనీవాళ్ళు వాళ్ళ ఆఫీసులోంచే దాన్ని రీసెట్ చేసేశారు. ఇప్పుడంతా కొత్తదే. పాత సంగతులు తవ్వితే నీ చేతికి మట్టి తప్ప ఏమీ రాదు. వచ్చే నెల కొత్త బ్లాకులో నలభై తలుపులున్నాయి. గుర్తుంది కదా?"

గుర్తుందన్నాడు. బయటికొచ్చి నిచ్చెన గోడకి ఆనించాడు. ఎదురుగా బెంచీ మీద వాళ్ళ వదిన కూర్చుని ఉంది.

చచ్చిపోయిన అన్న భార్య. ఇదే ఆసుపత్రి లాండ్రీలో రోలరు మిషను మీద దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఇక్కడంతా ఆమెని ఇస్త్రీ అక్క అంటారు. ఇద్దరూ పదకొండేళ్ళుగా మాట్లాడుకోలేదు. అన్న పోయిన పదో రోజున ఏదో మాటా మాటా పెరిగి, "నన్ను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించింది నువ్వే, నీకు వంటచెరకయ్యేలా నా చదువు పొయ్యిలో పెట్టావు" అని పదిమందిలో అన్నాడు. ఆమె ఒక్క మాట తిరిగి అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ మండింది. అప్పట్నుంచీ వరండాలో ఎదురైతే ఆమె దుప్పట్ల బండి అటు తిప్పుకుంటుంది, అతను నిచ్చెన ఇటు తిప్పుకుంటాడు.

ఇప్పుడామె దొంగ అయింది. మందుల స్టోరులోంచి తాళంలో ఉంచే నొప్పి ఇంజెక్షన్ల పెట్టె ఒకటి పోయింది. అది లేదని తెలిసేముందు ఆఖరున, తొమ్మిదో తారీకు పదకొండూ నలభైకి, లోపలికెళ్ళింది ఇస్త్రీ అక్క అని తలుపు మిషను చెప్పింది. ఈ రోజు విచారణలో తేలకపోతే సాయంత్రం పోలీసులకి ఫిర్యాదు. ఉద్యోగం ఎలాగూ పోతుంది, దొంగతనం మచ్చతో పోతుంది. ఇంకే ఆసుపత్రీ ఆమెని గడప తొక్కనివ్వదు.

ఆ మిషను బిగించింది అతనే.

"ఏం మరిదీ," అందామె బెంచీ మీంచి. పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట. "నీ మిషను నన్ను బాగా చూసుకుందే."

"నా మిషనేం కాదు. కంపెనీది."

"మేకులు నువ్వే కొట్టావు కదా."

అతను గోడకి ఆనించిన నిచ్చెనని ఇంకోసారి సర్దాడు. లోపల ఒక మూల, ఎవరికీ చెప్పలేని మూల, ఆమె అలా తలవంచుకు కూర్చోవడం చూడ్డానికి బాగానే ఉంది. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన సినిమా టిక్కెట్టు లేకుండా చూస్తున్నట్టుంది.

విచారణ గదిలో పొడుగాటి బల్ల. ఒక కొసన ఏవో గారు. పక్కన సెక్యూరిటీ ఆఫీసరు మీసాలాయన. ఆయన మీసం బాగా ఉందని మిషను కూడా ఒప్పుకుంటుంది, ఏ తలుపు దగ్గరా రెండోసారి నిలబడక్కర్లేదు. అటు కంపెనీ తరఫున వచ్చిన ఇంజినీరమ్మ. చిన్న వయసు, పచ్చటి మొహం, లాప్‌టాప్ తెరిచి గోళ్ళతో టకటకలాడిస్తోంది. మామూలుగా అయితే నిచ్చెనని గుమ్మం దగ్గర నిలబెడతారు. ఇవాళ కుర్చీ ఇచ్చారు. కుర్చీ ఇచ్చారంటే ఏదో అడగబోతున్నారని అతనికి తెలుసు.

"చూడమ్మా," అన్నాడు మీసాలాయన వదినతో, "మనుషులు అబద్ధాలు చెబుతారు. మిషను చెప్పదు. నువ్వు వెళ్ళలేదంటున్నావు, అది వెళ్ళావంటోంది."

"ఆ టైముకి నేను రోలరు మీదున్నా. అడగండి, ఆరుగురున్నారు."

"మీ ఆరుగురూ ఒకే మాట చెబుతారు. అందుకే కదా మిషను పెట్టింది."

ఇంజినీరమ్మ గొంతు సవరించుకుంది. "సర్, సింపుల్‌గా చెబుతాను. మా సిస్టమ్ ఫోటో దాచుకోదు. కెమెరా ముందు మనిషి నిలబడగానే ముందు మొహం ఎక్కడుందో వెతుకుతుంది. కళ్ళు, ముక్కు కొస, నోటి మూలలు పట్టుకుని మొహాన్ని నిటారుగా సర్దుకుంటుంది. తర్వాత దాన్ని అయిదువందల పన్నెండు అంకెల వరసగా మారుస్తుంది. అదే టెంప్లేటు. లోపల ప్రతి మనిషికీ ఒక వరస దాచి ఉంటుంది. వచ్చిన వరసనీ దాచిన వరసల్నీ పోల్చి, ఎంత దగ్గరగా ఉన్నాయో వందకి స్కోరు వేస్తుంది. కటాఫ్ అరవై రెండు. దాటితే తలుపు తెరుచుకుంటుంది. మా టెస్టుల్లో తొంభై తొమ్మిది పాయింట్ ఏడు శాతం కరెక్టు."

"విన్నావా," అన్నాడు మీసాలాయన.

"విన్నాను," అంది వదిన. "అయిదువందల పన్నెండింట్లో ఒక్కటి కూడా నాకు ఉపయోగపడలేదు."

నిచ్చెనకి నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు.

అతనికి తెలిసింది ఆ పిల్లకి తెలీదు, లేదా తెలిసీ చెప్పదు. చదువుకున్నవాడు కాదు, కానీ ఇలాంటి మిషన్లు అరవై దాకా బిగించాడు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో మొదటి పేజీలో ఆ తొంభై తొమ్మిది పాయింట్ ఏడు పెద్దక్షరాల్లో ఉంటుంది. చివరి పేజీలో చీమంత అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. ఒక మనిషిని చూసి వేరే మనిషి అనుకోవడం, తెల్లటి మధ్యవయసు మగాళ్ళలో పదివేల జతలకి ఒకటి. నల్లటి, యాభై దాటిన ఆడవాళ్ళలో పదివేలకి ఇరవై ఆరు. అదే మిషను, అదే కటాఫ్. ఆ పట్టిక అతను వేలు పెట్టి చదివాడు. ఎనిమిదో తరగతికి అంత మాత్రం వచ్చు.

ఎందుకలా అవుతుందో ఒకసారి కంపెనీ గోడౌనులో ముసలి టెస్టింగాయన చెప్పాడు. మిషనుకి మొహాలు నేర్పేటప్పుడు లక్షల ఫోటోలు చూపిస్తారట. అందులో ఒక రకం మొహాలు కుప్పలుగా, ఇంకో రకం చిటికెడు. ఎక్కువ చూసినవాళ్ళ మధ్య తేడాలు అది బాగా నేర్చుకుంటుంది, ఆ అంకెల వరసలు హాల్లో కుర్చీల్లా దూరం దూరంగా పడతాయి. తక్కువ చూసినవాళ్ళందరినీ ఒక్క మూల కుక్కుతుంది, లాండ్రీ బండిలో మాసిన దుప్పట్లలాగా. ఏది ఎవరిదో దానికే తెలీదు. దానికి తోడు మొహాలు ఎక్కించిన రోజు. ఆఫీసువాళ్ళని ఏసీ గదిలో కుర్చీ వేసి, తెల్లటి దీపం పెట్టి తీశారు. లాండ్రీ ఆడవాళ్ళు ఇరవై ఆరుగురినీ వరండాలో, వెనక ఎండ కిటికీ ఉండగా, చెమటతో, నిమిషానికి ముగ్గురు చొప్పున తీశారు. వెలుతురంతా వెనక ఉంటే నల్లటి మొహంలో కెమెరాకి కనపడేదేముంది? నీడ. ఆ నీడనే అయిదువందల పన్నెండు అంకెలు చేసి భద్రంగా దాచుకుంది.

తీసింది అతనే. కిటికీకి పరదా వెయ్యమని అడిగాడు. పరదా కావాలని స్టోరుకి ఇండెంటు కాగితం పెట్టుకోమన్నారు.

మొదటి పదిహేను రోజులూ నరకం. శుభ్రం చేసిన ఆపరేషను దుప్పట్ల అరలు ఆ మందుల స్టోరులోనే ఉంటాయి. ఆడవాళ్ళు మూటలు మోసుకుని తలుపు ముందు నిలబడితే యాభై ఎనిమిది, అరవై, యాభై ఏడు. గుర్తించలేదు. గుర్తించలేదు. ఆపరేషను థియేటరు నుంచి నర్సుల అరుపులు. అప్పుడు ఏవో గారు ఫోను చేశారు. "ఏం చేస్తావో నాకు తెలీదు, అది తెరుచుకోవాలి." కటాఫ్ తగ్గిస్తే సొంత మనుషులకి తెరుచుకుంటుంది, పరాయివాళ్ళకీ తెరుచుకుంటుంది, రెండూ ఒకే నంబరుకి కట్టి ఉన్నాయి సార్ అన్నాడు. "తెరుచుకోవాలి" అన్నారాయన, పెట్టేశారు.

తగ్గించాడు. అరవై రెండు నుంచి నలభై ఎనిమిదికి. ఎవరి మొహాలు ఆ మూలన ఒకదానిమీదొకటి కుక్కి ఉన్నాయో తెలిసే తగ్గించాడు. ఆ రాత్రి అన్నం సహించింది కూడా.

"ఆ రోజు స్కోరు ఎంత?" అని అడిగారు ఏవో గారు.

ఇంజినీరమ్మ తెర మీద వేలు జరిపింది. "డెబ్బై తొమ్మిది సర్. కటాఫ్ కంటే చాలా ఎక్కువ. డౌటే లేదు."

గదిలో ఎవరో ఊపిరి వదిలారు. నిచ్చెన కూడా లోపల వదిలాడు. డెబ్బై తొమ్మిదంటే నలభై ఎనిమిదితో పని లేదు. అరవై రెండే ఉన్నా తెరుచుకునేది. అంటే తన తప్పు లేదు. అంటే వదిన వెళ్ళింది. నిజంగానే వెళ్ళింది. ఆ తీయటి ఆలోచన అర నిమిషం నోట్లో పెట్టుకున్నాడు.

"అయ్యా," అంది వదిన, "మూడో తారీకు నుంచి నాకు ఆ తలుపే తెరుచుకోవడం లేదు. మూడు రోజులకోసారి అరలు చూడ్డానికి వెళ్తా. వెళ్ళినప్పుడల్లా గార్డు తాళంచెవితో తీస్తున్నాడు. మీసాలాయన పుస్తకంలో రాసుకున్నాడు, అడగండి."

మీసాలాయన పుస్తకం తిప్పాడు. ఇష్టం లేని పేజీ తిప్పుతున్నట్టు మెల్లగా తిప్పాడు. "మూడో తారీకు. మొహం సరిగా పెట్టడం లేదు, హెచ్చరించడమైనది. ఆరో తారీకు. మొహం సరిగా పెట్టడం లేదు."

"తొమ్మిదో తారీకు?" అంది వదిన.

"తొమ్మిదో తారీకు నువ్వు రాలేదు... అంటే, గార్డు తాళం తీయలేదు."

"మొహం ఎలా పెడతారండీ సరిగా?" అందామె. "నాకున్నది ఇదొక్కటే. ఇంట్లో ఇంకోటి లేదు."

"ఆమె కదిలి ఉండొచ్చు సర్," అంది ఇంజినీరమ్మ. "ఒక్కోసారి యూజర్ కోఆపరేషన్ ఉండదు."

ఆ మాట దగ్గర నిచ్చెన తలెత్తాడు. ఆరో తారీకున మిషనుకి ఆమె ఎవరో తెలీదు. తొమ్మిదో తారీకున డెబ్బై తొమ్మిది. మూడు రోజుల్లో అంత స్నేహం ఎలా కుదిరింది? మిషన్లో ఒక ఏర్పాటు ఉంది. మనుషులు ముసలివాళ్ళవుతారు, కళ్ళజోడు పెడతారు అని, తలుపు తెరిచిన ప్రతిసారీ అప్పటి మొహాన్ని కొంచెం కలుపుకుని దాచిన అంకెల్ని సవరించుకుంటుంది. కంపెనీవాళ్ళు దాన్ని తనంతట తాను నేర్చుకోవడం అంటారు. సరైన మనిషి వస్తే అది మంచిదే.

నోరు మూసుకో, అనుకున్నాడు. నలభై తలుపులు.

"మొదటి నుంచి ప్రింటు తియ్యండి," అన్నాడు.

"ఏంటి?"

"ఆమె పేరు మీద తలుపు తెరుచుకున్న స్కోర్లన్నీ. పోయిన నెల పదిహేడు నుంచి. వరసగా."

"అవసరం లేదు," అన్నారు ఏవో గారు.

"రీసెట్ చేస్తే మొహాలు పోతాయి గానీ కంప్యూటర్లో రాకపోకల చిట్టా పోదు సార్. పేరూ టైమూ మాత్రమే చూపించారు. స్కోరు గడి దాచారు. తీయించండి."

ఏవో గారు అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు. కానీ మీసాలాయనకి ఈ మిషను వచ్చినప్పటి నుంచీ కంపెనీవాళ్ళు తన గార్డుల్ని తగ్గిస్తారన్న మంట ఒకటుంది. "తియ్యమ్మా, పోయేదేముంది," అన్నాడు.

ప్రింటరు గరగరలాడింది. కాగితం నిచ్చెన చేతికొచ్చింది. వేలు పెట్టి చదివాడు, పైకే.

"పద్దెనిమిదో తారీకు, యాభై తొమ్మిది. ఒక్కసారి. అది మా వదిన. పందొమ్మిదో తారీకు, యాభై. యాభై ఒకటి. యాభై. యాభై రెండు. రోజుకి నాలుగుసార్లు. ఇరవై నాలుగు, యాభై ఎనిమిది. ముప్పై, అరవై ఆరు. మధ్యలో మూడు రోజులకోసారి మా వదినది, తగ్గుతూ వచ్చి అక్కడే నలభై తొమ్మిదికి ఆగింది. మూడో తారీకు, డెబ్బై ఒకటి. తొమ్మిది, డెబ్బై తొమ్మిది." కాగితం బల్ల మీద పెట్టాడు. "ఏ మనిషి మొహమైనా రోజురోజుకీ తనలాగా తయారవుతుందా మేడమ్? మూడు వారాల్లో యాభై నుంచి డెబ్బై తొమ్మిదికి? ఇది ఆమె కాదు. ఇంకెవరో రోజూ నాలుగుసార్లు ఆమె పేరు మీద లోపలికెళ్ళారు. వెళ్ళినప్పుడల్లా మిషను ఆమె అంకెల్ని చెరిపి వాళ్ళ అంకెలు కలుపుకుంది. చివరికి వాళ్ళే ఆమె అయ్యారు. అసలామె వస్తే ఎవరు నువ్వంది."

ఇంజినీరమ్మ గోళ్ళు ఆగిపోయాయి.

వదిన మాత్రం వేరే లెక్క చేస్తోంది. "పందొమ్మిదో తారీకా?" అని లేచి, ఎవరినీ అడక్కుండా బయటికి వెళ్ళి, లాండ్రీ నుంచి ఒకామెని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ తారీకునే చేరిన కొత్తామె. వదిన కంటే పదేళ్ళు చిన్నది, బొద్దుగా, గుండ్రటి మొహం. ఇద్దరినీ చూసి పోలిక ఉందనేవాడికి కళ్ళు పరీక్ష చేయించాలి. ఒక్క రంగు తప్ప.

"చెప్పు, ఆ స్టోరులోకి ఎలా వెళ్తున్నావు?" అంది వదిన.

కొత్తామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నాకింకా మొహం ఎక్కించలేదక్కా. లాండ్రీ మేస్త్రీ వెళ్ళి నిలబడమన్నాడు. నిలబడితే తెరుచుకుంది. వెళ్ళాను. దుప్పట్లు పెట్టి వచ్చాను. తెరుచుకుంటే నాదే అనుకున్నా."

"తెర మీద ఎవరి పేరొచ్చింది?" అని మీసాలాయన.

"నాకు చదవడం రాదండి. ఆకుపచ్చ వచ్చింది."

"అయితే పెట్టె తీసింది నువ్వన్నమాట."

కొత్తామె గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేసింది. వదిన ఆమెకి ముందు నిలబడింది. "ఇప్పుడే నన్ను దొంగన్నారు. ఇంకా నోరు తడారలేదు, దీన్నంటున్నారు. యాభైకి తెరుచుకున్న తలుపు ఇంకెంతమందికి తెరుచుకుందో ముందు అది లెక్కెయ్యండి."

"ఒక్క నిమిషం," అంది ఇంజినీరమ్మ. ఊపిరి కూడదీసుకుంది. "యాభైకి తెరుచుకోదు. కటాఫ్ అరవై రెండు. మా రికార్డులో మార్చినట్టు ఎక్కడా లేదు. కాబట్టి ఈ స్కోరు గడే తప్పయి ఉండాలి. సరైన డేటా పేరూ టైమే."

ఏవో గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంతే మరి. మార్చలేదుగా నువ్వు?" అన్నారు నిచ్చెన వైపు చూసి. ఆ చూపులో నలభై తలుపులూ వరసగా ఉన్నాయి.

వదిన కూడా చూసింది. బతిమాలే చూపు కాదు. అదైతే అతను ఆనందంగా మొహం తిప్పుకునేవాడు. మరిది ఏ పాటి మనిషో తనకి ముందే తెలుసు, ఇప్పుడు చూడాల్సిన కొత్త సంగతేమీ లేదన్నట్టు చూసింది. ఆ చూపే అతనికి మండింది. ఈమె ముందు ఇంకోసారి చిన్నవాడవటమా? ఛీ.

"మార్చాను," అన్నాడు. "నలభై ఎనిమిదికి. ఏవో గారు ఫోన్లో చెబితే."

"నేనా? కాగితం ఉందా? నీ దగ్గర సర్టిఫికెట్ ఉందా అసలు ఆ నంబరు ముట్టుకోవడానికి?"

"కాగితం లేదు. గోడుంది."

అందరూ మందుల స్టోరు ముందుకొచ్చారు. పనివాళ్ళు పోగయ్యారు. మిషను గోడకి బిగించిన ఒక రేకు మీద కూర్చుని ఉంటుంది. లోపలి నంబర్లు మార్చే బొత్తాం వెనక వైపు ఉంటుంది, దాన్ని నొక్కాలంటే మిషను ఊడదీయాల్సిందే. ఊడదీసి మళ్ళీ పెట్టాక మీసాలాయన ఆ అతుకు మీద తన సంతకం, తారీకు వేసిన కాగితం అతికించాడు. పదిహేడో తారీకు. కాగితం చెక్కుచెదరకుండా ఉంది. నిన్న కంపెనీ రీసెట్ చేసింది ఆఫీసులోంచి, వైరు మీద.

"సీలు మీరే చింపండి సార్," అన్నాడు నిచ్చెన. "నేను ముట్టుకుంటే నా మీదికొస్తుంది."

మీసాలాయన చింపాడు. నిచ్చెన స్క్రూలు విప్పి మిషనుని చేతిలోకి తీసుకున్నాడు. రేకు పక్కన సున్నం మీద పెన్సిలు రాత.

ఈ పనివాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. ఏ నంబరు మార్చినా పాతదేదో గోడ మీద మిషను వెనక రాసుకుంటారు. కాగితాలు పోతాయి, ఫోన్లు పోతాయి, ఇంజినీర్లు మారతారు. గోడ ఎక్కడికీ పోదు. తర్వాత వచ్చేవాడు విప్పి చూసుకుంటాడు. కంపెనీ పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు కాబట్టి ఇంజినీరమ్మ ఆ గోడ వైపు దెయ్యాన్ని చూసినట్టు చూసింది.

పదిహేడు. అరవై రెండు కొట్టేసి నలభై ఎనిమిది. కింద: ఏవోగారు ఫోను, తెరుచుకోవాలన్నారు.

"ఇది ఎవరైనా రాయొచ్చు," అన్నారు ఏవో గారు. గొంతు మాత్రం బాగా తగ్గింది. "ఇది ఇతని రాతే అని ఏమిటి నమ్మకం?"

"వీడిదే," అంది వదిన.

అందరూ తిరిగారు.

"నాకు చదవడం రాదు. ఏం రాశాడో తెలీదు. కానీ ఆ ఎనిమిది చూడండి. ఒక సున్నా కింద ఇంకో సున్నా, రెండూ తాకవు. ఆ నాలుగుకి పైన మూత ఉండదు. మా ఇంట్లో డబ్బాల మీద ముప్పై ఏళ్ళుగా ఉన్నాయి వీడు వేసిన అంకెలు. వంటింటి తలుపు మీద వీడెంత ఎత్తు పెరిగాడో కూడా రాసుకున్నాడు. నేను రోజూ తుడుస్తా, చెరపను. వీడి రాత నాకు తెలీకపోవడమేంటి?"

నిచ్చెన చేతిలో మిషను బరువుగా ఉంది. దాని కన్ను ఆకాశంలోకో, ట్యూబులైటులోకో చూస్తోంది.

తర్వాత పనంతా కాగితాల మీద జరిగింది. నలభై ఎనిమిదికీ అరవై రెండుకీ మధ్య స్కోరుతో ఆ తలుపు రెండువందల పదకొండు సార్లు తెరుచుకుందని తేలింది. అందులో నూట తొంభై లాండ్రీ ఆడవాళ్ళ పేర్ల మీదే. ఎవరి పేరు మీద ఎవరు వెళ్ళారో దేవుడికి కూడా ప్రింటు కావాలి. పెట్టె సంగతి తేలలేదు. స్టోరు గుమాస్తా అంతకుముందు నాలుగు రోజులు సరుకు లెక్కే చూడలేదని, పెట్టె ఎప్పుడు పోయిందో అతనికీ తెలీదని మాత్రం బయటపడింది. ఏవో గారు తన చేత్తోనే రాశారు: సాంకేతిక కారణాల వల్ల ఆరోపణ విరమించుకోవడమైనది. క్షమాపణ అన్న మాట ఆ కాగితంలో లేదు. దాని కిందే ఇంకో కాగితం: అనుమతి లేకుండా భద్రతా పరికరంలో మార్పులు చేసినందుకు ఇన్‌స్టాలరు కాంట్రాక్టు నేటితో రద్దు. రెండింటికీ ఒకే పెన్ను.

"ఊడదీసింది బిగించి వెళ్ళు," అన్నాడు మీసాలాయన. "ఆ తర్వాత పాసు గేట్లో ఇచ్చెయ్."

నిచ్చెన మళ్ళీ మందుల స్టోరు ముందుకొచ్చాడు. బిగించేముందు జేబులోంచి పెన్సిలు తీశాడు. గోడ మీద పాత రాత కింద రాశాడు: పదకొండు, కంపెనీ రీసెట్, అరవై రెండు. పాత మొహాలు పోయాయి. రాశాక దాని వైపే కాసేపు చూశాడు. కొత్త వరసలో ఎనిమిది ఎక్కడా లేదు.

వెనకాల ఎవరో నిలబడ్డారు. చూడకుండానే తెలిసింది, గంజి వాసన.

"ఎంతసేపు?" అంది వదిన. రెండు చేతుల మీద దుప్పట్ల దొంతర, గడ్డం దాకా. "చేతులు లాగుతున్నాయి."

"అయిపోయింది." ఆఖరి స్క్రూ బిగించాడు. "పొద్దున మళ్ళీ మొహం ఎక్కించుకున్నావా?"

"ఎక్కించారు. అదే వరండా. అదే కిటికీ."

ఆమె వచ్చి మిషను ముందు నిలబడింది. ఎర్ర దీపం. గుర్తించలేదు. గడ్డం కింది దొంతర కొంచెం దించి మళ్ళీ చూసింది. గుర్తించలేదు. మూడోసారి కళ్ళు పెద్దవి చేసి, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కదలకుండా నిలబడింది. గుర్తించలేదు.

"చూశావా నీ పనితనం," అంది.

"ఇప్పుడు అరవై రెండు మరి."

"ఎంత పెడితే బాగుంటుంది?"

"మీకు ఏ నంబరు పెట్టినా బాగుండదు. పెంచితే మిమ్మల్ని బయటే ఉంచుతుంది, తగ్గిస్తే మిమ్మల్నందరినీ ఒక్కటి చేస్తుంది. దానికి నేర్పినప్పుడు మీలాంటి మొహాలు చూపించలేదు. అది నా చేతిలో లేదు."

"తెలిసే తగ్గించావు కదూ?"

అబద్ధం చెప్పడానికి ఇప్పుడు కారణమేమీ మిగల్లేదు. "తెలిసే."

ఆమె తల ఊపింది, ధర విని నచ్చక ఊపినట్టు. "నిన్ను బడి మాన్పించింది మీ అన్న. నేను వద్దన్నాను. వద్దన్నందుకు ఆ రోజు నాకు ఏం జరిగిందో నీకు తెలీదు, నువ్వు పెరట్లో ఆడుకుంటున్నావు. ముప్పై ఏళ్ళు నువ్వు నా మొహంలో ఏం చూశావో మరి."

అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. ఏదో అనాలనిపించింది. అనడానికి నోట్లో ఉన్నవన్నీ పాత తిట్లే, వాటిలో ఒక్కటీ ఇప్పుడు సరిపోదు.

"మరి పదో రోజున అందరిలో అన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చచ్చినవాణ్ణి పదిమందిలో ఏమని తిట్టమంటావు? నువ్వు తిట్టడానికి నేనున్నాను కదా." ఆమె గార్డు వైపు తిరిగింది. "ఒరే నాయనా, తాళం తియ్యి. థియేటర్లో మనిషి పడుకుని ఉన్నాడు."

గార్డు తాళంచెవి తిప్పాడు. ఆమె భుజంతో తలుపు నెట్టుకుని లోపలికెళ్ళింది. దుప్పట్లు అర మీద పడ్డ మెత్తటి చప్పుడు వినపడింది.

అతను నిచ్చెన భుజానేసుకుని మెట్లు దిగాడు. పాసు ఇవ్వాల్సిన బయటి గేటు దగ్గర కూడా మిషనుంది, అదీ అతను బిగించిందే. ఎదురుగా నిలబడ్డాడు. అయిదువందల పన్నెండు అంకెలు ఎక్కడో దొర్లాయి. ఎర్ర దీపం. వెనకాల ఇద్దరు డాక్టర్లు చేతి గడియారాలు చూసుకుంటున్నారు.

"నిచ్చెన అడ్డొస్తోందేమో, దించి చూడు," అన్నాడు గేటు గార్డు.

"నిచ్చెన తీసేస్తే నేనెవరో నీకూ తెలీదు," అన్నాడతను, నిచ్చెన దించకుండానే. "తాళం తియ్యి."